మనసు: మటన్, నోరు: మాడ్యూల్

హాస్యం పేజీల వాళ్లకు సోమవారం మీద వచ్చే క్యాప్షన్లలో చాలావరకు ఒకటే మాట చెబుతాయి: మళ్లీ సోమవారం వచ్చింది, ఏడుపొస్తోంది. కింద ఒక ఏడుపు ముఖం. చూసినవాడు నవ్వడు, బొటనవేలితో పైకి నెట్టేస్తాడు. సోమవారం ఇష్టం లేదన్న సంగతి అతనికి కొత్తగా చెప్పేదేముంది? జిమ్ డేవిస్ 1978లో మొదలుపెట్టిన గార్‌ఫీల్డ్ అనే పిల్లి బొమ్మకథలోనే ఆ మాట అరిగిపోయింది. అక్కడైనా ఒక కిటుకు ఉంది. ఆ పిల్లికి ఉద్యోగం లేదు, ఆఫీసు లేదు, అయినా సోమవారమంటే పడదు. మనకు ఉద్యోగం ఉంది కాబట్టి మన ఏడుపులో ఆ తమాషా కూడా లేదు.

నవ్వు వచ్చేది రోజు మీద కాదు, ఆ రోజులోని ఒక నిమిషం మీద. పేజీలు నడిపేవాళ్లు ‘రిలేటబుల్’ అనే మాట తెగ వాడతారు. చూసినవాడు ‘ఇది నేనే’ అనుకుని పక్కవాడిని ట్యాగ్ చేయాలి, అంతే దాని అర్థం. అలా అనిపించాలంటే ఆ నిమిషం అతనికి నిజంగా జరిగి ఉండాలి, కానీ దాని గురించి అతను ఎప్పుడూ ఎవరితోనూ అని ఉండకూడదు. హైదరాబాద్ ఐటీ ఉద్యోగి సోమవారాన్ని తీసుకుని, ఒక సెట్ ఎలా తయారవుతుందో చూద్దాం. సెట్ అంటే వేలితో పక్కకు జరుపుకుంటూ చూసే ఏడెనిమిది బొమ్మల వరస. ఇన్‌స్టాగ్రామ్ 2017లో ఒకే పోస్టులో పది బొమ్మల దాకా పెట్టుకోనిచ్చింది, 2024లో దాన్ని ఇరవై చేసింది. ఇరవై పెట్టొచ్చు కదా అని పెట్టేవాళ్లున్నారు. ఎనిమిది దాటితే జరిపే వేలికి ఓపిక ఉండదని నా నమ్మకం.

సెట్టుకు వరస కావాలి కాబట్టి ఆ వరసను పొద్దుటి నుంచే అరువు తెచ్చుకుంటారు. అసలు సోమవారం మొదలయ్యేది ఆదివారం రాత్రి. అందుకే మొదటి బొమ్మ అక్కడిది:

“ఆదివారం రాత్రి తొమ్మిది: ఇంకా బోలెడు టైముంది.
తొమ్మిదీ ఒకటి: అలారం ఎన్నింటికి పెట్టాలి?”

ఇందులో పనిచేసేదల్లా ఆ ‘తొమ్మిదీ ఒకటి’. తొమ్మిదిన్నర అని రాస్తే అరగంటలో మనిషి మనసు మారడం మామూలే అనిపిస్తుంది. పది అంటే నవ్వే రాదు. ఒక్క నిమిషంలో సెలవు మొత్తం అయిపోయిందన్నప్పుడే ఛాతీలో చిన్న గుచ్చు గుచ్చుతుంది. సంఖ్య కచ్చితంగా ఉండటం ఇక్కడ అలంకారానికి కాదు, హాస్యమంతా ఆ నిమిషంలోనే ఉంది.

రెండో బొమ్మకు పక్కా హైదరాబాద్ సరుకు ఒకటి ఉంది. శని, ఆదివారాలకు విజయవాడ, గుంటూరు, ఒంగోలు వైపు వెళ్లినవాళ్లు ఆదివారం రాత్రి బస్సెక్కి, సోమవారం తెల్లవారుతుండగా మియాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో దిగుతారు. ఒక భుజానికి ల్యాప్‌టాప్, ఇంకో చేతిలో న్యూస్‌పేపర్ చుట్టి, తాడు కట్టి, నూనె కారకుండా రెండు కవర్లలో పెట్టిన ఆవకాయ సీసా. క్యాప్షన్:

“విజయవాడలో ఎక్కేటప్పుడు: అమ్మ కొడుకు.
మియాపూర్‌లో దిగేటప్పుడు: ఎంప్లాయీ ఐడీ.”

బొమ్మలో సీసా కనబడాలి గానీ క్యాప్షన్‌లో దాని మాట ఎత్తకూడదు. ఈ రకం రాతలో మొదటి సూత్రం అదే. బొమ్మ చెప్పేది బొమ్మకు వదిలేసి, మాట మిగతా సగం చెప్పాలి. ఇది మీమ్‌తో పుట్టిన విద్య కాదు. వారపత్రికల్లో బాపు వేసిన కార్టూన్లు చూసినా, ఈనాడులో శ్రీధర్ ‘ఇదీ సంగతి’ చూసినా తెలుస్తుంది. గీత ఒక సగం, మాట ఒక సగం. ఏది తీసేసినా రెండోది కుంటుతుంది. తేడా ఒక్కటే. కార్టూనిస్టు ప్రతిసారీ కొత్త మనిషిని గీయాలి. మీమ్ రాసేవాడు పాత సినిమా ముఖాన్ని తెచ్చుకుంటాడు, ఆ ముఖంతోపాటు ఆ సినిమా కథంతా ఉచితంగా వస్తుంది. ‘వెంకీ’ (2004)లో రైలు కంపార్ట్‌మెంటులో కుర్రాళ్ల మధ్య ఇరుక్కున్న బ్రహ్మానందం ముఖం పెట్టి, పైన ‘కొత్త ప్రాజెక్టులో మొదటి సోమవారం’ అని నాలుగు మాటలు రాస్తే చాలు. ఆ గజాల గారి రాత్రి ఎలా గడిచిందో తెలుగువాడికి విడమరిచి చెప్పక్కర్లేదు. అలా మళ్లీ మళ్లీ వాడే బొమ్మను వీళ్లు టెంప్లేట్ అంటారు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. టెంప్లేట్ ఎంత గట్టిదైతే అంతగా రాసేవాడి సోమరితనాన్ని దాచిపెడుతుంది. బ్రహ్మానందం ముఖానికి జనం నవ్వుతారు, రాసినవాడు తన మాటకు నవ్వారనుకుంటాడు. తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ మాటను ఒట్టి తెల్ల కాగితం మీద రాసి, అదే ఆఫీసులో పనిచేసే ఒక మనిషికి చూపించాలి. కనీసం పెదవి కదలకపోతే ఆ నవ్వు బొమ్మది.

మూడో బొమ్మ హాస్టల్ టిఫిను. “నిన్న బిర్యానీ పెట్టిన హాస్టలే ఇవాళ ఉప్మా పెడుతుంది. కారణం చెప్పదు.” నాలుగోది ల్యాప్‌టాప్ తెర. మీ పాస్‌వర్డ్ గడువు తీరిపోయింది అని కనబడుతుంటుంది, కింద మన మాట: “నాది శుక్రవారం సాయంత్రమే తీరిపోయింది.” ఈ రెండింటి మీద పెద్దగా చెప్పేదేమీ లేదు. ప్రతి సెట్‌లోనూ ఇలా ఊపిరి తీసుకునే బొమ్మలు రెండు కావాలి, లేకపోతే అసలు బొమ్మ దగ్గరికి వచ్చేసరికి చూసేవాడు అలిసిపోతాడు.

అసలు బొమ్మ స్టాండప్. తెలియనివాళ్లకు రెండు మాటలు. సాఫ్ట్‌వేర్ టీముల్లో రోజూ పొద్దున పదిహేను నిమిషాల మీటింగ్ ఒకటి ఉంటుంది. ఒక్కొక్కరూ మూడు సంగతులు చెప్పాలి: నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, అడ్డంకులేమైనా ఉన్నాయా. ఈ పద్ధతికి మూలమైన స్క్రమ్ గైడ్‌ను 2020లో సవరించినప్పుడు ఆ మూడు ప్రశ్నలనూ తీసేశారు. ఆ కబురు చాలా టీములకు ఇంకా అందలేదు, ప్రశ్నలు అలాగే నడుస్తున్నాయి. మంగళవారం నుంచి శుక్రవారం దాకా ‘నిన్న’తో పేచీ లేదు. సోమవారం పొద్దున మాత్రం ‘నిన్న ఏం చేశావ్’ అంటే లెక్కప్రకారం ఆదివారం సంగతి చెప్పాలి. అందరూ శుక్రవారం సంగతి చెబుతారు. అది కూడా సరిగా గుర్తుండదు. ఎదురుగా ఉన్న లీడ్‌కూ అది తెలుసు, అతనికీ గుర్తుండదు. ఏడాదికి యాభైసార్లు జరిగే ఈ చిన్న నాటకంలో ఎవరూ అబద్ధమాడరు, నిజమూ చెప్పరు. క్యాప్షన్ రాసేవాడికి ఇంతకంటే మంచి సరుకు సోమవారంలో ఇంకెక్కడా దొరకదు.

అయినా మొదటి చిత్తుప్రతి సాధారణంగా ఇలా వస్తుంది: “సోమవారం స్టాండప్ అంటే నరకం.” ఇది అభిప్రాయం. అభిప్రాయానికి జనం తల ఊపుతారు, నవ్వరు. రెండోసారి రాసినప్పుడు సంభాషణ వస్తుంది:

“లీడ్: నిన్న ఏం చేశావ్?
నేను: నిన్న ఆదివారం కదండీ, పదకొండింటికి లేచి, మటన్ కూర తిని, మధ్యాహ్నం పడుకుని, సాయంత్రం సినిమాకెళ్లి, రాత్రి సోమవారం గుర్తొచ్చి బాధపడ్డాను.”

విషయం దొరికింది. కానీ రెండు లోపాలున్నాయి. మొదటిది, ఈ మాట ఎవరూ స్టాండప్‌లో అనరు. చూసేవాడు ఇక్కడ తనను చూసుకోడు, ఎవరో ధైర్యవంతుడిని చూస్తాడు. రెండోది, ఆదివారం మొత్తాన్ని వరుసగా అప్పజెప్పేశాం, చూసేవాడు పూరించుకోవడానికి ఏమీ మిగల్చలేదు. అతని ఆదివారంలో సినిమా లేకపోతే అక్కడికక్కడే జారిపోతాడు. మూడోసారి కత్తెర వేయాలి. నిజంగా జరిగేదేమిటి? మనసులో ఒకటి మెదులుతుంది, నోటి వెంట ఇంకోటి వస్తుంది. ఆ రెండింటినే ఉంచి మిగతాది తీసేస్తే:

“లీడ్: నిన్న ఏం చేశావ్?
మనసు: మటన్.
నోరు: మాడ్యూల్.”

మాటలు తగ్గాయి, ‘మ’ల వరస కలిసింది, అన్నిటికంటే ముఖ్యంగా ఇది అబద్ధమాడుతున్న మనిషి లోపలి సంగతి అయింది. శాకాహారులు ఒప్పుకోరేమో అని ఒకరు అడగవచ్చు. అడగనివ్వండి. ‘మనసు: మంచి భోజనం’ అని అందరికీ సరిపడేలా రాస్తే ఎవరికీ తగలదు. శాకాహారి కూడా మటన్ చోట తన పులిహోరను పెట్టుకుని నవ్వగలడు. ఒక కచ్చితమైన వస్తువు చోట ఇంకో కచ్చితమైన వస్తువును పెట్టుకోవడం మనిషికి సులువు.

ఇక బొమ్మ. ఇక్కడ ఏడుపు ముఖం, కంగారు ముఖం రెండూ పనికిరావు. మాట ఇప్పటికే ఇరకాటాన్ని చెప్పేసింది. కావలసింది నిండు గంభీరంగా, కోర్టులో సాక్ష్యం చెబుతున్నంత నిబ్బరంగా ఉన్న ముఖం. కోట శ్రీనివాసరావు ముఖం పెడితే ఒక రుచి, ఎస్వీ రంగారావు పాత నలుపు తెలుపు ముఖం పెడితే ఇంకో రుచి. నా ఓటు రంగారావుకే. ‘మాడ్యూల్’ అనే మాటకు ఆ కిరీటం చాలా దూరం, ఆ దూరంలోనే నవ్వుంది.

ఇంత చేశాక చాలా బొమ్మలు అక్షరాల దగ్గర దెబ్బతింటాయి. ఇంగ్లీషు మీమ్‌లకు ఇంపాక్ట్ అనే లావాటి అక్షరం, తెల్లరంగు, చుట్టూ నల్లగీత ఆనవాయితీ. అదే నల్లగీతను తెలుగుకు చుడితే గుడులు, సుడులు పూడుకుపోతాయి, వత్తులు మసిముద్దలవుతాయి. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, కింద వత్తు ఉంటాయి కాబట్టి రెండు పంక్తుల మధ్య ఇంగ్లీషుకన్నా ఎక్కువ ఖాళీ వదలాలి. లేకపోతే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిని తన్నుతుంది. గీత పలచగా ఉంచి, అక్షరం వెనక నల్లపట్టీ వేసుకోవడం మేలు. లావు అక్షరం కావాలంటే రామభద్ర లాంటి ఉచిత తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. తయారైన బొమ్మను కంప్యూటర్ తెర మీద చూసి మురిసిపోకూడదు. అమీర్‌పేటలో మెట్రో మారి రాయదుర్గం వైపు నిలబడి వెళ్తున్న మనిషి ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేతిలోని ఫోన్‌లో దాన్ని చూస్తాడు. అతనికి చదవడానికి కళ్లు చికిలించాల్సి వస్తే అతను చదవడు.

ఇంకో సంగతి, వరస. ఇన్‌స్టాగ్రామ్‌లో వరస నిలుస్తుంది, వాట్సాప్‌లో నిలవదు. ఎవరో ఒకరు ఐదో బొమ్మను మాత్రమే తీసి ఆఫీసు గ్రూపులో పడేస్తారు. అందుకని ప్రతి బొమ్మా ముందుదాని సాయం లేకుండా నిలబడాలి. ‘ఆ తర్వాత’ అని మొదలయ్యే క్యాప్షన్ ఆ గ్రూపులో అనాథ. సెట్ చివర నేను పెట్టే బొమ్మ ఒంటరిగానూ బతుకుతుంది:

“శుక్రవారం సాయంత్రం నేను: సోమవారం చూసుకుందాం.
సోమవారం పొద్దున ఆ పని: వచ్చావా నాయనా?”

ఈ ‘నాయనా’లో ఉన్న బెదిరింపు మనకే తెలుసు. ‘గుడ్ మార్నింగ్’ అని రాస్తే అది పోతుంది.

ఎవరి మీద నవ్వుతున్నామన్నది కూడా రాసేవాడు చూసుకోవాల్సిన విషయమే. పాత వారపత్రికల్లో అప్పడాలకర్ర పట్టుకున్న భార్య జోకులు గుట్టలుగా వచ్చాయి. ఆ సరుకునే ఇప్పుడు ఆఫీసుకు తెచ్చి ఆలస్యంగా వచ్చే సహోద్యోగిని మీద, హౌస్‌కీపింగ్ అమ్మ మీద, గేటు దగ్గర సెక్యూరిటీ అన్న మీద రాసేవాళ్లున్నారు. ఆ క్యాప్షన్లు రెండు రకాలుగా ఓడిపోతాయి. వాళ్లను నొప్పిస్తాయి, చూసేవాడికీ అందులో తాను కనబడడు. మేనేజర్ మీద రాయడం తేలికే, మరీ తేలిక కాబట్టి చప్పగా ఉంటుంది. అతనికీ ఒక సోమవారం ఉంటుందని గుర్తుంటే మంచి మాట దొరుకుతుంది: “మేనేజర్ కోపం కూడా సొంతం కాదు. పైనుంచి ఫార్వర్డ్ అయింది.” నిజం చాట్ల స్క్రీన్‌షాట్లు తీసి పెట్టడం మాత్రం అస్సలు వద్దు. పేరు చెరిపేసినా, మూలన ప్రాజెక్టు పేరో క్లయింటు పేరో మిగిలిపోతుంది. దాన్ని మొదట పసిగట్టేది కంపెనీయే.

ఐటీ బయట కూడా సోమవారాలున్నాయి, వాటి మీద రాసేవాళ్లే తక్కువ. తెలంగాణ కలెక్టరేట్లలో ప్రజావాణి సోమవారమే. ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రజా సమస్యల పరిష్కార వేదిక సోమవారమే. పొద్దున్నే మండలాల నుంచి అర్జీలు పట్టుకుని జనం వస్తారు. ఆ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు సోమవారం అంటే మెల్లగా వేడెక్కే రోజు కాదు, వారం మొత్తంలో పెద్ద రోజు. “జిల్లా అంతా సోమవారం కోసం ఎదురుచూస్తుంది. మా సెక్షన్ తప్ప.” ఇందులో నవ్వు గుమాస్తా తన మీద తాను వేసుకున్నది. అర్జీ పట్టుకొచ్చిన ముసలాయన మీదికి దాన్ని తిప్పితే అది హాస్యం కాకుండా పోతుంది. బ్యాంకుల్లో రెండో, నాలుగో శనివారాల సెలవు 2015 సెప్టెంబర్ నుంచి ఉంది. ఆ వారాల తర్వాతి సోమవారానికి వేరే క్యాప్షన్ కావాలి: “కౌంటర్ ముందు మూడు రోజుల జనం. వెనక ఒక్క నేను. మధ్యలో సర్వర్.” ఇది మామూలు శనివారం పనిచేసిన వారంలో పెడితే బ్యాంకువాళ్లు వెంటనే పట్టేస్తారు. క్యాలెండర్ చూడకుండా రాశాడని తెలిసిపోతుంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఈ లెక్క ఇంకా తిరగబడుతుంది. సౌదీలో వారాంతం శుక్ర, శనివారాలు. అంటే రియాద్‌లో ఉన్న జగిత్యాల అబ్బాయికి మన సోమవారం ఆదివారం నాడే వచ్చేస్తుంది. వాడికి వేరే బొమ్మ చేయాలి: ఆదివారం మధ్యాహ్నం వాడు ఆఫీసులో కూర్చుని ఉంటాడు, ఇంటి గ్రూపులో కోడికూర ఫొటో వస్తుంది, కింద చెల్లి మెసేజ్, “అన్నా, తిన్నావా?” దుబాయ్‌లో ఉన్నవాడికి ఇది వర్తించదు. అక్కడ 2022 జనవరి నుంచి ప్రభుత్వ ఆఫీసులకు శని, ఆదివారాలే సెలవు. డాలస్‌లో ఉన్నవాళ్లకు మన సోమవారం పొద్దున తొమ్మిదింటి పోస్టు చలికాలంలో ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు చేరుతుంది. వాళ్లకు మన స్టాండప్ బొమ్మకన్నా మొదటి బొమ్మే, ఆ అలారం బొమ్మే, సరిగ్గా తగులుతుంది. రెండు దేశాల్లోనూ చూసేవాళ్లున్న పేజీ మొదటి బొమ్మగా దాన్నే ఉంచడానికి అదొక కారణం.

పోస్టు పడే సమయం తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య అయితే బాగుంటుంది. మెట్రోలో ఉన్నవాడికీ, క్యాబ్‌లో ఉన్నవాడికీ, ఇంట్లో మంచం మీద నుంచే లాగిన్ అయి పచ్చచుక్క వెలిగించి మళ్లీ దుప్పటి కప్పుకున్నవాడికీ దొరుకుతుంది. రాయడం మాత్రం శనివారమే అయిపోవాలి, షెడ్యూల్ పెట్టేయాలి. ఈ పేజీల అడ్మిన్లు చాలామంది ఉద్యోగస్తులే. సోమవారం తొమ్మిదింబావుకు స్వయంగా పోస్టు చేస్తే వాళ్ల లీడ్ కూడా ఆ పేజీ ఫాలో అవుతూ ఉండొచ్చు.

షెడ్యూల్ పెట్టేముందు సెలవుల జాబితా ఒకసారి చూడాలి. సోమవారం పండగ వస్తే ఆ పొద్దున సెట్ పడకూడదు, ఇంట్లో పడుకున్నవాడికి ఆఫీసు గుర్తుచేసిన పాపం మనదవుతుంది. ఆ సెట్ మొత్తాన్ని ఒక రోజు వెనక్కి జరిపి, ముందు ఒక్క బొమ్మ కొత్తగా కలిపితే సరి: “గమనిక: ఈ వారం సోమవారం మంగళవారం నాడు వచ్చును.”